సీలింగ్ పైన ఏముంది?

అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు బాత్రూమ్ నేలే కింది ఫ్లాటు బాత్రూమ్‌కు పైకప్పు. పాత కట్టడాల్లో బాత్రూమ్ మేరకు స్లాబును అడుగో అడుగున్నరో కిందికి దించి, ఆ గుంతలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ వేసేవారు. ఈమధ్య కట్టే భవనాల్లో చాలాచోట్ల గుంత లేదు. పైవాళ్ల కమోడ్ బెండు, స్నానాల గదిలో నీళ్లు పోయే ట్రాపు, వాటిని షాఫ్టు దాకా తీసుకెళ్లే పైపు, అన్నీ కిందివాళ్ల బాత్రూమ్ నెత్తిమీద వేలాడుతుంటాయి. వాటిని కప్పడానికే ఫాల్స్ సీలింగ్ వస్తుంది. హాల్లో వేసే సీలింగుకు, దీనికి పోలికే లేదు. హాల్లో పని లైట్లకూ అందానికీ సంబంధించినది. ఇక్కడ పైనుంచి నీటిచుక్క, కిందినుంచి ఆవిరి రెండూ వస్తాయి.

కిందినుంచి వచ్చే ఆవిరి ఎంతో లెక్క వేయవచ్చు. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, ఏడున్నర అడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో గాలి సుమారు 8.5 ఘనపు మీటర్లు. జనవరి ఉదయం హైదరాబాదులో వేడినీళ్ల స్నానం ముగిసేసరికి ఆ గాలి 28 డిగ్రీల దగ్గర ఆవిరితో నిండిపోయిందనుకుందాం. ఆ వేడిలో ఒక్కో ఘనపు మీటరు గాలి సుమారు 27 గ్రాముల నీటిని ఆవిరిగా మోయగలదు. రాత్రంతా చల్లబడిన సీలింగ్ 20 డిగ్రీల దగ్గర ఉంటే, దాన్ని తాకిన గాలి 17 గ్రాములకు మించి మోయలేదు. మిగతా పది గ్రాములు నీళ్లుగా మారాల్సిందే. గది మొత్తానికి అది 85 గ్రాములు, అంటే అరగ్లాసుకు కాస్త తక్కువ. అదంతా సీలింగు మీదే చేరదు. అద్దం, టైల్స్, పంపులు తలా కొంత పంచుకుంటాయి. కానీ నలుగురున్న ఇంట్లో ఇది రోజుకు నాలుగుసార్లు జరుగుతుంది. మధ్యలో ఆరడానికి వ్యవధి దొరకదు.

ఈ తడిని జిప్సమ్ బోర్డు ఒకలా, ప్లాస్టిక్ ప్యానెల్ మరోలా ఎదుర్కొంటాయి. జిప్సమ్ బోర్డు అంటే రెండు దళసరి కాగితాల మధ్య పేర్చిన జిప్సమ్ పిండి. మన దగ్గర సీలింగులకు వాడేది ఎక్కువగా 12.5 మిల్లీమీటర్ల మందం, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న షీటు. తడిస్తే ఇందులో రెండు బలహీనతలు బయటపడతాయి. పిండి మెత్తబడి బోర్డు తన బరువుకే కిందికి జారుతుంది. పైకాగితం బూజుకు మేత అవుతుంది. తడిసిన కాగితం రెండు రోజులు ఆరకుండా ఉంటే చాలు, బూజు మొదలవుతుంది. అందుకే తడి గదులకు పచ్చరంగు కాగితంతో వేరే రకం బోర్డు అమ్ముతారు. దాని పిండిలో నీటిని తోసేసే సిలికాన్ వంటి పదార్థం కలుపుతారు. రెండు గంటలు నీళ్లలో ముంచినా తన బరువులో ఐదు శాతానికి మించి నీరు పీల్చకూడదన్నది దానికి పెట్టిన పరీక్ష. అంటే అది చెమ్మను ఓర్చుకుంటుంది, కారే నీటిని కాదు. పచ్చబోర్డు వేశాం కదా, పైన లీకైనా ఫర్వాలేదు అనే ధైర్యం చెప్పేవాళ్లను నమ్మకూడదు.

ప్లాస్టిక్ ప్యానెల్ అంటే పీవీసీ పలక. సాధారణంగా పది అంగుళాల వెడల్పు, లోపల బోలు గదులు, ఒక అంచున నాలుక, మరో అంచున గాడి. ఒక పలక నాలుక పక్క పలక గాడిలోకి దూరుతుంది, కాబట్టి స్క్రూలు బయటికి కనిపించవు. ఇది నీళ్లు పీల్చదు, బూజు పట్టినా పైపైనే, సబ్బునీళ్లతో తుడిస్తే పోతుంది. పెయింటు పని లేదు. దీని బలహీనత వేడి. 75, 80 డిగ్రీల దగ్గర పీవీసీ మెత్తబడుతుంది. పైగా వేడికి పొడవు పెరుగుతుంది: పదడుగుల పలక ఇరవై డిగ్రీల తేడాకు నాలుగు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. గోడకు ఆనించి బిగిస్తే సాగడానికి చోటులేక మధ్యలో ఉబ్బుతుంది. రెండు చివర్లా ఐదేసి మిల్లీమీటర్లు వదిలి, ఆ ఖాళీ అంచుపట్టీ లోపల దాగేలా చూడాలి.

ఫ్రేము

ఏ పలక వేసినా మోసేది జీఐ ఇనుప చానెళ్ల చట్రమే. పైన చెప్పిన ఐదు, ఎనిమిది అడుగుల బాత్రూమ్‌నే తీసుకుంటే పని వరుస ఇలా ఉంటుంది. ముందు లెవెల్ పైపుతోనో లేజరుతోనో నాలుగు గోడల మీదా ఒకే ఎత్తున గీత కొడతారు. ఇక్కడే చాలామంది చేసే తప్పొకటుంది: ఎత్తు నిర్ణయించేటప్పుడు వెంటిలేటరు సంగతి మరిచిపోతారు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండేది ఆ వెంటిలేటరులోనే. సీలింగ్ దానికంటే కిందికి దిగితే ఫ్యాను సీలింగు పైనే ఉండిపోయి, అక్కడి గాలినే లాగుతుంటుంది. కింద ఆవిరి అలాగే ఉంటుంది.

గీత మీదుగా గోడ చుట్టూ పెరీమీటర్ చానెల్‌ను రెండడుగులకొక స్క్రూతో బిగిస్తారు. స్లాబుకు ఎక్స్‌పాన్షన్ ఫాస్టెనర్లు కొట్టి, వాటినుంచి వేలాడే సన్నటి యాంగిల్ ముక్కలకు మధ్య చానెల్ తగిలిస్తారు. దీన్ని పనివాళ్లు ఇంటర్మీడియట్ అంటారు. ఇవి నాలుగడుగులకొకటి ఉండాలి కాబట్టి ఎనిమిదడుగుల గదికి ఒక్కటే, సరిగ్గా నడుమ, ఐదడుగుల వైపు సాగుతూ చాలు. దాన్ని రెండు యాంగిళ్లు మోస్తాయి. దాని కింద, దానికి అడ్డంగా, ఎనిమిదడుగుల పొడవునా సీలింగ్ సెక్షన్లు క్లిప్పులతో తగిలిస్తారు. వీటి మధ్య దూరం అడుగున్నర దాటకూడదు. ఐదడుగుల వెడల్పుకు మూడు వేస్తే పదిహేను అంగుళాలకొకటి వస్తుంది, అంటే కాస్త భద్రమైన లెక్కే. తడి గదిలో ఈ దూరాన్ని రెండడుగులకు పెంచి సెక్షను మిగుల్చుకునే కాంట్రాక్టరు చేసిన పని రెండు వర్షాకాలాల్లో బోర్డు వంగి తేలుతుంది.

జిప్సమ్ వేయదలిస్తే ఆరడుగుల షీట్లు రెండు తీసుకుని, ఒక్కోదాని నుంచి అడుగు ముక్క కోసేస్తే ఐదు అడుగుల పలకలు రెండు వస్తాయి. వాటిని సెక్షన్లకు అడ్డంగా, నాలుగడుగుల వెడల్పున పక్కపక్కన పెడితే ఎనిమిదడుగులూ నిండుతాయి. ఉండేది ఒక్కటే అతుకు. అదీ ఫ్యాక్టరీలోనే పలచన చేసిన అంచుల మధ్య, కాబట్టి టేపు, కాంపౌండు పెట్టి చదును చేయడం తేలిక. స్క్రూలు తొమ్మిది అంగుళాలకొకటి, తల కాగితంలో కాస్త లోపలికి దిగాలి గాని కాగితాన్ని చింపకూడదు. కాగితం చిరిగిన చోట స్క్రూ పట్టు పోయినట్టే. నల్లటి మామూలు డ్రైవాల్ స్క్రూ బాత్రూమ్‌లో తుప్పు పట్టి పుట్టీ మీద గోధుమరంగు చుక్కలుగా బయటికొస్తుంది. జింకు పూత ఉన్నది అడిగి తెప్పించాలి. కోసిన అంచులకు, లైట్ల కోసం చేసిన రంధ్రాల చుట్టూ కాగితం ఉండదు, అక్కడ ప్రైమర్ పట్టించకపోతే పచ్చబోర్డు కూడా అటునుంచి చెమ్మ లాగుతుంది.

ప్లాస్టిక్ అయితే పదడుగుల పలకలు ఐదు సగానికి కోస్తే పది ముక్కలు, ఎనిమిదడుగులకు సరిపోతాయి. మొత్తం బరువు పది కిలోల దగ్గర. జిప్సమ్ ముప్పై కిలోల పైచిలుకు. బరువు తక్కువని కొందరు ప్లాస్టిక్‌కు జీఐ బదులు చెక్క రీపర్లు కొడతారు. బాత్రూమ్‌లో చెక్క నానడమూ, చెద పట్టడమూ రెండూ పలక వెనక కనపడకుండా జరిగిపోతాయి. పలక మెరుస్తూనే ఉంటుంది, ఒకరోజు వరుసగా ఊడి పడుతుంది.

తడి ఎక్కడిది?

సీలింగు మీద మరక కనిపిస్తే అది పైనుంచి కారిందా, కింద పేరుకున్నదా తేల్చాకే చేయి పెట్టాలి. ఆవిరి గుర్తు పరుచుకుని ఉంటుంది: షవరు పైన, గాలి ఆడని మూలల్లో, నల్లటి చిన్న చుక్కలుగా బూజు. లీకు గుర్తు ఒకచోటే ఉంటుంది, చుట్టూ గోధుమరంగు అంచు కట్టి, తడిసినప్పుడల్లా ఇంకో వలయం చేరుతుంది. జిప్సమ్‌లో ఈ వలయం తొందరగా కనిపిస్తుంది, అదొక మేలు. ప్లాస్టిక్‌లో కనిపించదు. నీళ్లు పలకల మీదుగా పారి, ఎక్కడో లైటు రంధ్రం దగ్గర చుక్కలవుతాయి. చుక్క పడినచోటికి, లీకు ఉన్నచోటికి నాలుగడుగుల దూరం ఉండొచ్చు. కరెంటు తీగలున్న దారిలోనే నీళ్లు వస్తున్నాయి కాబట్టి ఆ లైటు స్విచ్చు కాదు, సర్క్యూటే ఆపేయాలి.

లీకు పైపుదా, పైవాళ్ల నేలదా అన్నది ఒక పరీక్షతో చాలావరకు తెలుస్తుంది. పైఫ్లాటులో ట్రాపు నోటికి గుడ్డ కుక్కి, నేలమీద అంగుళం నీళ్లు ఒక రోజు నిలిపి ఉంచాలి. కింద తడి పెరిగితే నేల వాటర్‌ప్రూఫింగ్ పోయింది. పెరగకుండా, గుడ్డ తీసి నీళ్లు వదలగానే చుక్క పడితే ట్రాపు దగ్గరి అతుకో, కింది పైపో లోపం. ఇందుకోసమే పైపు అతుకుల కింద రెండడుగుల చదరపు తలుపు ఒకటి సీలింగులో ఉండాలి. తలుపు లేని బాత్రూమ్ సీలింగు, ఎంత బాగా వేసినా, ప్లంబరు సుత్తితో ముగుస్తుంది.

వంటింటి సంగతి వేరు. అక్కడ పైనుంచి కారే నీళ్లు అరుదు, ఎందుకంటే పైఫ్లాటులో కూడా అక్కడ వంటిల్లే ఉంటుంది, సింకు పైపు గోడ పక్కనే దిగుతుంది. కింది ఆవిరిలో మాత్రం తాలింపు నూనె కలిసి ఉంటుంది. చిమ్నీ గొట్టం బయటి గోడ దాకా పోకుండా సీలింగు పైనే వదిలేస్తే, ఆ జిడ్డూ ఆవిరీ అక్కడి చట్రం మీదా బోర్డు వెన్ను మీదా పేరుకుంటాయి. ఫిల్టరుతో గాలిని శుభ్రం చేసి మళ్లీ గదిలోకే వదిలే చిమ్నీలు పొగను, నూనెను కొంత ఆపుతాయి గాని ఆవిరిని ఆపలేవు. తుడవడానికి ప్లాస్టిక్ సుఖమే అయినా పొయ్యి పైభాగానికి జిప్సమే తగినది. జిప్సమ్ బరువులో ఐదో వంతు నీరు స్ఫటికంలో బంధించి ఉంటుంది. మూకుడులో నూనె అంటుకుంటే ఆ నీరు ఆవిరై పోయేదాకా బోర్డు వెనక వైపు నూరు డిగ్రీలను పెద్దగా దాటదు. పీవీసీ అయితే మెత్తబడి జారుతుంది, కాలితే ఊపిరాడనివ్వని ఆమ్లపు పొగ వదులుతుంది. పచ్చబోర్డు మీద కడగదగ్గ పెయింటు రెండు పూతలు వేస్తే వంటింటికి అది చాలు.

బాత్రూమ్‌లో మాత్రం, వేడినీళ్ల షవరున్న చిన్న గదికి ప్లాస్టిక్‌నే ఎంచుకోవడం మేలు, జీఐ చట్రం మీద, తలుపుతో సహా. మరమ్మతు వేళ జిప్సమ్‌ను తడిసిన మేరకు సెక్షను నడుమదాకా కోసి కొత్త ముక్క వేయవచ్చు. నాలుకా గాడీ పలకల్ని మాత్రం నడుమ నుంచి తీయలేరు. చివర వేసిన పలకతో మొదలుపెట్టి వరుసగా వెనక్కి ఊడదీసుకు రావాలి. కాబట్టి పైపులు దిగే గోడకు ఎదుటి గోడ దగ్గర మొదటి పలక పెట్టమని, ఆఖరి పలక పైపుల కిందికి వచ్చేలా చూడమని పని మొదలవక ముందే మేస్త్రికి చెప్పాలి.