అద్దె షాపులో వ్యాపారం మారితే బీమా కంపెనీకి రాయాల్సిన ఉత్తరం

బట్టల షాపు ఖాళీ చేసి వెళ్లిపోయింది. అదే గదిలోకి రంగుల షాపు రాబోతోంది. ఓనరు కొత్తవారితో అడ్వాన్సు మాట్లాడుకుంటారు, అద్దె ఒప్పందం రాయించుకుంటారు, కరెంటు మీటరు రీడింగు కూడా రాసి పెట్టుకుంటారు. బీరువాలో ఉన్న అగ్నిప్రమాద బీమా పాలసీ మాత్రం చాలామందికి గుర్తు రాదు. గోడలు అవే, షట్టరు అదే, ప్రీమియం ఏడాదికి ముందే కట్టేశాం, ఇక చెప్పడానికేముందని అనుకుంటారు.

బీమా కంపెనీ లెక్క వేరు. ఆ గోడల మధ్య ఏ వ్యాపారం నడుస్తోందో చూసి ప్రీమియం కట్టింది. బట్టలున్న గదికీ, థిన్నర్, టర్పెంటైన్ డబ్బాలున్న గదికీ నిప్పు అంటుకునే అవకాశం ఒకటి కాదు. అంటుకున్నాక అది పాకే వేగమూ ఒకటి కాదు. అందుకే మన దేశంలో ఏళ్లుగా వాడుకలో ఉన్న స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్ పాలసీలో ఒక షరతు ఉంది. భవనంలో వ్యాపారం గానీ, వాడకం గానీ ప్రమాదం పెరిగేలా మారితే ఆ ఆస్తికి బీమా వర్తించడం ఆగిపోతుంది. భవనం వరసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉన్నా అంతే. ఆస్తి వీలునామా వల్లో, చట్టరీత్యానో కాక వేరే విధంగా మరొకరి చేతికి పోయినా అంతే. వీటన్నిటికీ ఒకటే మినహాయింపు. నష్టం జరగకముందే కంపెనీ అనుమతి తీసుకుని, ఆ అనుమతిని పాలసీపై ఎండార్స్‌మెంటుగా రాయించుకుని ఉండాలి.

ఈ షరతులో రెండు చోట్ల ఆగి చదవాలి. ఒకటి, ‘నష్టం జరగకముందే’ అన్న మాట. ప్రమాదం జరిగాక పంపిన ఉత్తరం ఎంత చక్కగా రాసినా ఈ షరతును తీర్చదు. రెండోది, ఎండార్స్‌మెంటు. మనం కంపెనీకి చెప్పడం సగం పనే. కంపెనీ ఒప్పుకుని, ఆ మార్పును పాలసీకి అతికించినప్పుడే పని పూర్తవుతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపార సంస్థల కోసం భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ వచ్చింది. ఒకే చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల రూపాయల వరకు ఉన్నవారికి అది వర్తిస్తుంది. మీ దగ్గర ఉన్నది ఏ పాలసీ అయినా, అందులో మార్పుల గురించిన షరతును దాని సొంత మాటల్లోనే చదువుకోండి.

ఒక ఉదాహరణ అనుకుందాం. తెనాలిలో రోడ్డు మీద ఒక భవనం, అందులో పక్కపక్కనే రెండు షాపులు. ఒకదాంట్లో మందుల షాపు, ఇంకోదాంట్లో బట్టల షాపు. భవనానికి ఓనరు పేరున 40 లక్షల రూపాయల బీమా ఉంది, గడువు మార్చి 31 అర్ధరాత్రి దాకా. బట్టల షాపువారు సెప్టెంబరు 30న ఖాళీ చేశారు. రంగుల షాపువారితో అక్టోబరు రెండో వారంలో మాట కుదిరింది. మంచిరోజు చూసుకుని నవంబరు 6న దిగుతామన్నారు.

చాలామంది నవంబరు 6నే చూస్తారు. నిజానికి అంతకంటే ముందే ఒక గడువు ఉంది. అక్టోబరు 1 నుంచి లెక్కపెడితే అక్టోబరు 30కి ముప్పై రోజులు నిండుతాయి. 31 నుంచి నవంబరు 5 దాకా ఆ గది ముప్పై రోజులు దాటిన ఖాళీ గది. ఆ ఆరు రోజుల్లో ఏదైనా జరిగితే, రంగుల షాపు ఇంకా రానేలేదు కదా అన్న వాదన పనికిరాదు. పక్కన మందుల షాపు నడుస్తోంది కాబట్టి భవనమంతా ఖాళీ కాదని ఓనరు అనవచ్చు. ఆ వాదన నిలబడవచ్చు కూడా. కానీ దాన్ని బూడిద మధ్య నిలబడి సర్వేయరుతో వాదించడం కన్నా, ముందుగా ఒక పేరా రాసి తేల్చుకోవడం మేలు. కాబట్టి ఉత్తరం అక్టోబరు 15 ప్రాంతంలోనే వెళ్లాలి, ఖాళీ సంగతినీ కొత్త వ్యాపారం సంగతినీ కలిపి.

ఉత్తరాన్ని పాలసీ జారీ చేసిన బ్రాంచి మేనేజరు పేరిట రాయాలి. తెలుగులో రాసినా ఇంగ్లిషులో రాసినా సారాంశం ఇలా ఉండాలి:

“అయ్యా, పై నంబరు గల పాలసీ కింద బీమా ఉన్న మా భవనంలోని రెండో షాపులో బట్టల వ్యాపారం చేస్తున్న అద్దెదారు సెప్టెంబరు 30న ఖాళీ చేశారు. నవంబరు 6 నుంచి అదే గదిని రంగుల చిల్లర వ్యాపారానికి అద్దెకు ఇస్తున్నాము. అక్కడ రంగుల తయారీ ఉండదు. రంగులు కలిపే కరెంటు యంత్రం ఒకటి ఉంటుంది. థిన్నర్, టర్పెంటైన్ రెండూ కలిపి ఏ సమయంలోనూ 25 లీటర్లకు మించి నిల్వ ఉంచబోమని అద్దెదారు రాసి ఇచ్చారు. వంట పొయ్యి ఉండదు. రెండు ఏబీసీ పొడి రకం మంటలార్పే సిలిండర్లు పెడుతున్నాము. మొదటి షాపులో మందుల వ్యాపారం యథాతథంగా సాగుతుంది. అక్టోబరు 1 నుంచి నవంబరు 5 వరకు రెండో షాపు ఖాళీగా ఉండటానికి, నవంబరు 6 నుంచి వాడకం మారడానికి మీ అనుమతి తెలిపే ఎండార్స్‌మెంటు జారీ చేయవలసిందిగా కోరుతున్నాము. అదనపు ప్రీమియం ఉంటే వెంటనే తెలియజేయండి, చెల్లిస్తాము. మిగతా షరతులతో, అదే బీమా మొత్తంతో మార్చి 31 వరకు రక్షణ కొనసాగుతుందని రాతపూర్వకంగా ధ్రువీకరించండి.”

ఇందులో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన మాట 25 లీటర్లు. కంపెనీ ఆ మాట నమ్మి ప్రీమియం లెక్క కడుతుంది, బహుశా దాన్నే షరతుగా ఎండార్స్‌మెంటులో రాస్తుంది. రేపు గదిలో 200 లీటర్లు ఉన్నట్టు తేలితే, మీరు రాసిన ఉత్తరమే మీకు ఎదురు సాక్ష్యమవుతుంది. కాబట్టి ప్రీమియం తగ్గుతుందని అంకె తగ్గించవద్దు. అద్దెదారును అడిగి, పండగ సీజన్లో ఉండే గరిష్ఠ నిల్వనే రాయాలి. అదే అంకెను అద్దె ఒప్పందంలోనూ చేర్చాలి. అప్పుడు అది అద్దెదారుకూ కట్టుబాటు అవుతుంది.

బట్టల షాపు పోయి స్టీలు సామాన్ల షాపు వస్తే రాయాలా? షరతు ప్రకారం ప్రమాదం పెరిగేలా మారినప్పుడే చిక్కు. అయినా రాయమనే నేనంటాను. పెరిగిందా లేదా అన్న ప్రశ్న క్లెయిమ్ సమయంలో వస్తే దానికి మొదటి జవాబు చెప్పేది కంపెనీయే. ఇప్పుడే అడిగితే కంపెనీ మార్పును నమోదు చేసి ఊరుకోవచ్చు. రేటు తక్కువైన వ్యాపారమైతే తేడా వెనక్కి ఇస్తారా అనీ అదే ఉత్తరంలో అడగవచ్చు.

ఉత్తరాన్ని ఆఫీసులో స్వయంగా ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. లేదా స్పీడ్ పోస్టులో పంపి, అదే ప్రతిని ఈమెయిల్ చేయాలి. ఏజెంటుకు ఫోన్లో చెప్పి ఊరుకోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. “నేను చూసుకుంటాలెండి” అని ఆయన మంచి మనసుతోనే అనవచ్చు. పాలసీ మీద మాత్రం ఆ మాట ఎక్కడా రాసి ఉండదు. ముద్ర పడిన నకలు కూడా ఉత్తరం అందిందని చెబుతుందే గానీ కంపెనీ ఒప్పుకుందని చెప్పదు.

తర్వాతి మెట్టు డబ్బు. 1938 నాటి బీమా చట్టంలో 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే కంపెనీ రిస్కు తీసుకోకూడదు. కాబట్టి అదనపు ప్రీమియం అడిగితే ఆ రోజే కట్టేయాలి. మన ఉదాహరణలో బట్టల షాపు లెక్కన ఏడాది ప్రీమియం 2,400 రూపాయలు, రంగుల షాపు లెక్కన 4,200 అనుకుందాం. తేడా 1,800. నవంబరు 6 నుంచి మార్చి 31 వరకు 146 రోజులు, అంటే ఏడాదిలో సరిగ్గా 40 శాతం. రోజుల లెక్కన పడేది 720 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ 129 రూపాయల 60 పైసలు కలిపితే 849 రూపాయల 60 పైసలు. ఈ రేట్లు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవే, కంపెనీని బట్టి మారతాయి. 40 లక్షల రక్షణ ఎంత చిన్న మొత్తం దగ్గర ఆగిపోగలదో చూడండి.

ఎండార్స్‌మెంటు చేతికి రాగానే ఫైలులో పెట్టేయకుండా చదవాలి. పాలసీ నంబరు, షాపు చిరునామా సరిగా ఉన్నాయా? వ్యాపారం అన్నచోట రంగుల చిల్లర వ్యాపారం అని ఉందా? అమల్లోకి వచ్చే తేదీ నవంబరు 6నా, లేక కాగితం తయారైన రోజా? ఖాళీగా ఉన్న రోజుల ప్రస్తావన ఉందా? తప్పులు ఎక్కువగా దొర్లేది తేదీ దగ్గరే. తప్పు కనబడితే సరిదిద్దమని మళ్లీ ఉత్తరం రాయాలి. కంపెనీ ఒప్పుకోకపోతే ఆ సంగతైనా రాతలో తీసుకోవాలి. అప్పుడు గది తాళాలు ఇచ్చేలోపు వేరే కంపెనీని చూసుకునే వీలుంటుంది. జవాబే రాకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి, తర్వాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు చేయవచ్చు.

భవనం మీద బ్యాంకు అప్పు ఉంటే పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది. అలాంటప్పుడు ఉత్తరం నకలు, ఆ తర్వాత ఎండార్స్‌మెంటు నకలు బ్యాంకుకూ ఇవ్వాలి. మార్చిలో రెన్యువల్ వచ్చినప్పుడు పాత వివరాలతోనే కాగితం ముద్రించి పంపడం మామూలు. అందులో మళ్లీ బట్టల షాపు అని ఉంటే డబ్బు కట్టేముందే మార్పించాలి.

అద్దెకు దిగేవారికీ ఒక మాట. ఓనరు పాలసీ భవనానికి మాత్రమే. మీ సరుకు, ర్యాకులు, యంత్రం అందులో లేవు. వాటికి మీ పేరున వేరే పాలసీ కావాలి. పాత షాపులో సరుకుకు తీసుకున్న పాలసీ ఉంటే, అది ఆ పాత చిరునామాకే కట్టుబడి ఉంటుంది. సరుకు కొత్త గదికి చేరేలోపే చిరునామా మార్పించుకోండి.

మీ అద్దె షాపులో గత ఏడాదిలో మనిషి మారినా, వ్యాపారం మారినా, నెలకు పైగా షట్టరు మూసి ఉన్నా, ఈ వారమే పాలసీ తీసి అందులో ఏ వ్యాపారం రాసి ఉందో చూడండి. తేడా ఉంటే ఆలస్యం చేయకుండా ఉత్తరం రాయండి. ఎండార్స్‌మెంటు వచ్చేదాకా వదిలిపెట్టకండి.