ల్యూటినైజింగ్ అన్న పేరు చేసే మోసం: 36 గంటల లెక్క

అనకాపల్లిలో బైపీసీ పిల్లలకు జువాలజీ చెబుతున్నప్పుడు ఏటా ఒక ప్రశ్న దగ్గర ఆగాల్సి వస్తుంది. ఎల్‌హెచ్ సర్జ్ ఎప్పుడు వస్తుంది? అండోత్సర్గం అయ్యాక, లూటియల్ దశలో అన్న ఆప్షన్‌కు చాలామంది టిక్ పెడతారు. ఎందుకమ్మా అంటే, ‘పేరులోనే లూటియల్ ఉంది కదా మాస్టారూ’ అంటారు. పాఠం చదవని పిల్లలు కారు వాళ్లు. ఆ పేరే వాళ్లను తప్పుదారి పట్టిస్తోంది.

ఎల్‌హెచ్ పీయూష గ్రంథి నుంచి వస్తుంది. పగిలిన గ్రాఫియన్ పుటికను కార్పస్ లూటియంగా మార్చేది అదే, ఆ పేరు అలా వచ్చింది. కానీ ముందు పుటిక పగలాలి. దాన్ని పగలగొట్టేదీ ఎల్‌హెచ్చే.

28 రోజుల చక్రం తీసుకుందాం. ఎదిగే పుటిక ఈస్ట్రోజన్ విడుదల చేస్తుంది. అది తక్కువగా ఉన్నన్నాళ్లూ ఎల్‌హెచ్‌ను అణచి ఉంచుతుంది. మిల్లీలీటరు రక్తంలో 200 పికోగ్రాములు దాటి సుమారు రెండు రోజులు నిలిచిందా, అదే ఈస్ట్రోజన్ ఎల్‌హెచ్‌ను ఎగదోస్తుంది. 12వ రోజు రాత్రి 9 గంటలకు సర్జ్ మొదలైందనుకోండి. 13వ రోజు రాత్రికి శిఖరం చేరుతుంది. మరో 10–12 గంటలకు, అంటే 14వ రోజు ఉదయం 9 ప్రాంతంలో అండం విడుదలవుతుంది. మొదలు నుంచి విడుదల దాకా దాదాపు 36 గంటలు. ప్రొజెస్టెరాన్ శిఖరం చేరేది ఆ తరవాత వారానికి, 21వ రోజు దరిదాపుల్లో.

పాఠ్యపుస్తకం ఎల్‌హెచ్ శిఖరాన్నీ అండోత్సర్గాన్నీ ‘సుమారు 14వ రోజు’ అనే చెబుతుంది. అందుకే ఏది ముందో పిల్లలకు గ్రాఫులో కనిపించదు. ఆసుపత్రి ఉదాహరణ చెబితే ఇట్టే పట్టుకుంటారు. ఐవీఎఫ్‌లో ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇచ్చి, 34–36 గంటలకు అండాలను బయటికి తీస్తారు. ఇంకా ఆలస్యమైతే అవి వాటంతటవే విడుదలైపోయే ప్రమాదం ఉంది.

2020 నీట్‌లో ఈ సంగతినే తిప్పి అడిగారు. ఏ హార్మోన్ స్థాయి వల్ల అండం విడుదలవుతుంది? ఆప్షన్లు నాలుగు: ప్రొజెస్టెరాన్ ఎక్కువ, ఎల్‌హెచ్ తక్కువ, ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువ, ఈస్ట్రోజన్ ఎక్కువ. ‘ఎల్‌హెచ్ ఎక్కువ’ అన్నది వాటిలో లేదు. వరస తెలిసినవాళ్లు ఒక మెట్టు వెనక్కి వెళ్లి, సర్జ్‌ను రప్పించే ఈస్ట్రోజన్‌ను పట్టుకుంటారు. ప్రొజెస్టెరాన్ గుర్తించినవాళ్లు కార్పస్ లూటియం పుట్టాక అండాన్ని విడుదల చేయించినట్టే. రావాల్సిన 4 మార్కులు రావు, పైగా ఒకటి పోతుంది.

ఒక జాగ్రత్త. 14 అనే అంకెను బట్టీ పట్టకండి. అండోత్సర్గం నుంచి తరవాతి ఋతుస్రావం దాకా సాధారణంగా 14 రోజులు, హెచ్చుతగ్గులు ఎక్కువగా మొదటి సగంలోనే. 35 రోజుల చక్రం ఇస్తే అండోత్సర్గం 21వ రోజు దగ్గర, సర్జ్ మొదలయ్యేది 19వ రోజు రాత్రి.