ఒక్క బాటిల్‌కి ఐదు చొక్కాలు

మా మేనకోడలు గుంటూరులో ఉంటూ ఆన్‌లైన్‌లో స్టీలు నీళ్ల బాటిళ్లు అమ్ముతుంది. పైన రంగు పూత, మెడ దగ్గర మెరిసే స్టీలు పట్టీ, నల్లటి మూత. ఎరుపు, పసుపు, నీలం, నలుపు, తెలుపు అని ఐదు రంగులు. ఫ్యాక్టరీ నుంచి ముందుగా ఎరుపు ఒక్కటే వచ్చింది. మిగతావి వచ్చేలోపే అమ్మకానికి ఫొటోలు పెట్టేయాలని దాని తొందర. ఎర్ర బాటిల్ ఫొటోని బొమ్మలు తయారుచేసే ఒక ఏఐ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి, ఇదే బాటిల్ నీలం రంగులో కావాలని రాసింది. నీలం వచ్చింది. పసుపు అడిగితే పసుపూ వచ్చింది. ఐదూ వరసగా పేర్చి నాకు వాట్సాప్‌లో పంపింది.

"మామయ్యా, ఏదో తేడా కొడుతోంది. ఏంటో చెప్పు."

విడివిడిగా చూస్తే ఒక్కోటీ బాగానే ఉంది. పక్కపక్కన పెట్టేసరికి ఒకే బాటిల్ కాదని, ఐదుగురు అన్నదమ్ములని తేలిపోయింది. నీలం దాని మెడ కాస్త పొడుగు. పసుపు మూత మీద గాట్లు తక్కువ. నల్లదాని మీద బ్రాండు పేరులో ఒక అక్షరం కరిగిపోయి మరో అక్షరంలా ఉంది. కొనేవాడికి ఇది పైకి తెలియకపోవచ్చు. కానీ వెబ్‌సైట్‌లో రంగు బొత్తాలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతుంటే బాటిల్ అటూ ఇటూ కదిలినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఇలా ఎందుకైందంటే, ఆ సాఫ్ట్‌వేర్ బాటిల్‌కి రంగు వేయలేదు. కొత్త బొమ్మ గీసింది. ఇలాంటివి చాలావరకు టీవీలో సిగ్నల్ పోయినప్పుడు కనిపించే చుక్కల్లాంటి గందరగోళంతో మొదలుపెట్టి, మనం రాసిన మాటల ప్రకారం దాన్ని కొద్దికొద్దిగా బొమ్మగా దిద్దుకుంటూ వస్తాయి. మొదటి చుక్కలు అవే ఉంచినా, ఎరుపు అన్న చోట నీలం అని మార్చగానే దిద్దుబాటు దారి మారుతుంది. రంగుతో పాటు మెడా, మూతా కూడా జరుగుతాయి. పైగా ఫొటో ఇచ్చినా దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవు. స్టేబుల్ డిఫ్యూజన్ అనే పేరున్న సాఫ్ట్‌వేర్‌నే చూడండి. దాని తొలి రూపాల్లో 512 చుక్కల వెడల్పూ, 512 చుక్కల ఎత్తూ ఉన్న ఫొటో లోపల 64 × 64 గడులకి కుదించుకుపోయేది. పని అంతా అక్కడ జరిగి, చివర మళ్లీ సాగేది. ఆ కుదింపులో సన్నని గాట్లూ, చిన్న అక్షరాలూ మొదట పోతాయి. రంగు మార్చాల్సిన చోటు మాత్రమే గీత గీసి చూపించినా, మిగతా ఫొటో కూడా ఆ కుదింపులోంచి వెళ్లి రావాల్సిందే. అందుకే తెలిసినవాళ్లు చివర్లో అసలు ఫొటోలోని మిగతా భాగాన్ని తెచ్చి పైన అతికిస్తారు.

"మరి ఎలా చేయాలి?" అంది.

ఎర్ర ఫొటో ఒక్కటీ చాలు, ఆకారమంతా అందులోనే ఉందన్నాను. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి దూరదర్శన్ రంగుల్లోకి వచ్చింది. మా ఇంట్లో మాత్రం చెక్క తలుపుల బ్లాక్ అండ్ వైట్ టీవీయే. అయినా అదే ప్రసారం మా టీవీలోనూ చక్కగా వచ్చేది. కారణం, వెలుగు నీడల సంగతి ఒక పాయగా, రంగు సంగతి మరో పాయగా పంపేవారు. మా టీవీ రెండోదాన్ని పట్టించుకునేది కాదు. 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగుల్లో వచ్చిందంటే అదీ ఇందువల్లే. ఘటోత్కచుడి భుజాల గుండ్రదనం పాత ఫిల్ములోని వెలుగు నీడల్లోనే ఉంది. కొత్తగా చేర్చింది రంగు మాత్రమే. మన బాటిల్‌కి కావలసింది కూడా అదే: వెలుగు నీడలని కదపకుండా రంగు మార్చడం.

ఫొటోని జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచాం. ముందు పూత ఉన్న భాగం చుట్టూ సరిహద్దు గీయాలి. మూత, స్టీలు పట్టీ, లేజర్‌తో చెక్కిన పేరు ఆ సరిహద్దు బయట ఉండాలి. చెక్కిన చోట కనిపించేది పూత కాదు, అడుగున్న స్టీలు. ఈ పనికి గంట పట్టింది. మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఇదొక్కటే. కానీ ఒక్కసారి చేస్తే ఐదు రంగులకీ పనికొస్తుంది.

ఆ తర్వాత నేనొక తప్పు చేశాను. అందరూ చేసే తప్పే. సరిహద్దు లోపలి భాగాన్ని మామూలు పద్ధతిలో నలుపు తెలుపుగా మార్చి, దాని మీద పసుపు పోశాను. నిమ్మపండు వస్తుందనుకుంటే గోంగూర పచ్చడి వచ్చింది.

దీనికి కారణం లెక్కలో దొరుకుతుంది. ఫొటోలో ప్రతి చుక్కకీ మూడు అంకెలు ఉంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. మా బాటిల్ మీద వెలుతురు బాగా పడ్డ చోట అవి సుమారు 200, 25, 35. నలుపు తెలుపుగా మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ మన కంటి తీరునిబట్టి ఆకుపచ్చకి ఎక్కువ విలువ, ఎరుపుకి అందులో సగం, నీలానికి బహు తక్కువ విలువ ఇస్తుంది. ఆ లెక్కన 200, 25, 35 కలిసి 78 దగ్గర తేలుతుంది. అంటే వెలుతురు పడ్డ వైపే ముదురు బూడిద రంగు. దాని మీద పసుపు పోస్తే ముదిరిపోయిన పసుపే కదా వచ్చేది! ముదిరిన పసుపుని మన కన్ను పసుపుగా ఒప్పుకోదు, గోంగూర అంటుంది.

కాంతి పెంచితే సరిపోదా అని మేనకోడలు జరుపుగడిని కుడివైపుకి లాగింది. రంగు తేలికపడింది గానీ బాటిల్ అట్టముక్కలా చదునైపోయింది. ఆకారం అంటే అంచుల గీత ఒక్కటే కాదని అక్కడ తెలిసింది. వెలుతురు వైపు 80, నీడ వైపు 40 ఉంటే రెండూ ఒకటికి రెండు. ఆ నిష్పత్తే మనకి గుండ్రంగా కనిపించేది. రెండింటికీ 80 చొప్పున కలిపితే 160, 120 అవుతాయి, నిష్పత్తి పోతుంది. అంచు వెంట్రుకవాసి కదలకపోయినా ఆకారం చెడినట్టే. కూడిక పనికిరాదు, గుణకారం కావాలి.

అసలు దారి ఎర్ర ఫొటోలోనే ఉంది. మూడు అంకెల్నీ కలిపేయకుండా విడదీయాలి. జింప్‌లో `Decompose` నొక్కితే ఒక్కో అంకెకి ఒక్కో నలుపు తెలుపు ఫొటో వస్తుంది. ఎరుపు తాలూకు ఫొటోలో మా బాటిల్ తెల్లగా, గుండ్రంగా, నున్నగా ఉంది. వెలుతురు వైపు 200, నీడ వైపు 100. ఎర్ర పూత ఎర్ర కాంతిని దండిగా తిప్పికొడుతుంది కాబట్టి ఈ ఒక్క పొరలో పూత రంగు దాదాపు మాయమై, వెలుగు నీడలు మాత్రం మిగులుతాయి. దాని మీద పసుపు పొర పెట్టి, పొర తీరుని `Multiply` చేశాం. అంటే చుక్కని చుక్కతో గుణించి 255తో భాగించడం. మేం తీసుకున్న పసుపు 250, 210, 30. వెలుతురు వైపు 196, 165, 24 వచ్చింది. నీడ వైపు 98, 82, 12. ఒకటికి రెండు అలాగే నిలిచింది. గోంగూర పోయింది.

కానీ మెరుపు కూడా పోయింది. భుజం మీద కిటికీ ఆకారంలో మెరిసే తెల్లటి నిగనిగ పసుపు మరకలా మారింది. ఇది చాలామంది గమనించని సంగతి. రంగు పూత మీద కనిపించే మెరుపుకి పూత రంగు ఉండదు, దీపం రంగు ఉంటుంది. ఎర్ర బాటిల్ మీదా తెల్లగానే మెరుస్తుంది, నల్ల బాటిల్ మీదా తెల్లగానే. ఇత్తడి చెంబు వేరు. లోహం మెరుపులోనే దాని రంగు కలిసి ఉంటుంది.

ఆ మెరుపు ఎక్కడ దొరుకుతుందో చెప్తే మేనకోడలు నమ్మలేదు. విడదీసిన మూడింటిలో నీలం తాలూకు ఫొటో తెరిచి చూపించాను. ఎర్ర పూత నీలి కాంతిని దాదాపు మింగేస్తుంది కాబట్టి అందులో బాటిల్ నల్లగా ఉంది. ఆ నలుపులో భుజం మీది మెరుపు ఒక్కటే తెల్లగా వెలుగుతోంది. పూత వల్ల వచ్చిన ఆ 35ని `Levels`లో తగ్గించి సున్నా చేస్తే మిగిలింది అచ్చంగా మెరుపే. ఆ పొరని అన్నిటికంటే పైన పెట్టి `Screen` చేశాం. కిటికీ మళ్లీ తెల్లగా వచ్చింది.

ఇక నీలం రెండు నిమిషాల పని: మధ్య పొరలో రంగు మార్చడమే. నలుపుకి మాత్రం సున్నాలు పెట్టకూడదు. పెడితే బాటిల్ ఉన్న చోట చిల్లు పడ్డట్టు ఉంటుంది. నిజమైన నల్ల పూత కూడా కాస్త కాంతిని తిప్పికొడుతుంది. 30, 30, 32 పెడితే నిలబడింది.

తెలుపు మాత్రం లొంగలేదు. తెల్లటి నేపథ్యం మీద తెల్లబాటిల్ అంచులు కలిసిపోయాయి. తెల్ల వస్తువుల్ని తీసే ఫొటోగ్రాఫర్లు రెండు పక్కలా నల్ల అట్టలు నిలబెడతారు. వాటి నీడ అంచుల మీద సన్నగా పడి ఆకారాన్ని పట్టి చూపిస్తుంది. మా ఎర్ర ఫొటో తీసేటప్పుడు అట్టలు లేవు. లేని అంచు ఏ లెక్కలోనూ పుట్టదు. తెల్లది వచ్చాక విడిగా, అదే స్టాండు మీద, అదే దూరం నుంచి తీయమన్నాను.

అంతా అయ్యాక తనిఖీ. కొత్త ఫొటోని పాతదాని మీద పెట్టి `Difference` చేస్తే, మారని చోటంతా కటిక నలుపుగా కనిపించాలి. మూత మీద ఒక్క గాటు మెరిసినా అక్కడ ఏదో కదిలినట్టు. మా దాంట్లో మూత, పేరు నల్లగానే ఉన్నాయి. ఈ పరీక్షకి ఫొటోలు పీఎన్‌జీగా దాచుకోవాలి. జేపెగ్ అయితే దాచిన ప్రతిసారీ అంచుల దగ్గర కొంచెం మార్చేస్తుంది, అనవసరపు చుక్కలు కనిపించి కంగారు పుడుతుంది.

మారకూడనివి మారలేదు సరే, మారాల్సినవి మారకపోతే ఈ పరీక్షకి అందదు. దానికి కళ్లే దిక్కు. నీలం బాటిల్ కింద బల్ల మీద ఎర్రటి జీర ఇంకా ఉంది. స్టీలు పట్టీలో కూడా ఎర్ర పూత ప్రతిబింబం సన్నగా మిగిలింది. ఆ రెండు చోట్లా రంగు తీసేసి కొత్త రంగు పలుచగా అద్దాం. అలాగే ఫొటో తీసేటప్పుడు వెలుతురు ఎక్కువైతే ఎరుపు అంకె 255 దగ్గర ఇరుక్కుపోతుంది. ఆ పొరలో బాటిల్ మీద సున్నం కొట్టినట్టు చదును మచ్చ కనిపిస్తుంది. అక్కడ గుండ్రదనం అసలు నమోదే కాలేదు, మళ్లీ ఫొటో తీయాల్సిందే.

గాజు సీసాలకి ఈ పద్ధతి పనికిరాదు. గాజులో రంగు పైన ఉండదు, లోపలంతా ఉంటుంది. మందంగా ఉన్న అడుగున ముదురు, పలుచని చోట లేత, నేల మీద పడే వెలుగులోనూ అదే రంగు. మెటాలిక్ పూతలకి కూడా అంతే. మెరుపులోనే రంగు ఉంటుంది కాబట్టి తెల్లటి పొర పెడితే అబద్ధంలా కనిపిస్తుంది.

పదిరోజుల తర్వాత ఫ్యాక్టరీ నుంచి మిగతా పెట్టెలు వచ్చాయి. మేనకోడలు నీలం బాటిల్‌ని కిటికీ దగ్గర, తెర పక్కన పట్టుకుని ఫోన్ చేసింది.

"మామయ్యా, మనం వేసింది లేత నీలం. ఇది ఇంకా ముదురు."

మధ్య పొర తెరిచి అంకెలు తగ్గించమన్నాను. ఫోన్ పెట్టేలోపే అయిపోయింది.