మోటారు కాలింది సరే, ఏ కాయిల్ కాలింది?

"మీరిచ్చిన మోటారు మూడోసారి కాలిపోయింది. నాసిరకం సరుకు. వెంటనే కొత్తది పంపండి." చిన్న వర్క్‌షాపుల నుంచి మోటారు డీలర్లకు వెళ్లే ఫిర్యాదులు చాలావరకు ఇలాగే ఉంటాయి. జవాబూ అంతే పొట్టిగా వస్తుంది: "మీ దగ్గర కరెంటు బాగోలేదు, వారంటీ వర్తించదు." ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసినా తప్పెవరిదో తేలదు. వాటిలో కోపం ఉంది గానీ మోటారు సంగతి లేదు.

అదే ఫిర్యాదును ఇంకోలా రాస్తే ఏం తేలుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక కలప వర్క్‌షాపు, అందులో చెక్కను చిత్రిక పట్టే మిషన్, దానికి త్రీఫేజ్ మోటారు. యజమాని డీలరుకు ఇలా రాశాడనుకోండి:

"నమస్కారం. మీ దగ్గర కొన్న 5 హెచ్‌పీ మోటారును జూన్ 9న బిగించాం. నేమ్‌ప్లేటు మీద 415 వోల్టులు, 7.5 ఆంపియర్లు, డెల్టా అని ఉంది. స్టార్టరు మా పాతదే. ఓవర్‌లోడ్ రిలే 7.5 దగ్గర పెట్టి ఉంది.

ఆగస్టు 14: మధ్యాహ్నం 2:05కి ఆన్ చేస్తే మామూలుగానే అందుకుంది. 2:40కి మోత మారి బొంగురుపోయింది. మిషన్ మాత్రం తిరుగుతూనే ఉంది. 2:55కి వార్నిష్ మాడిన వాసన, ఆ వెంటనే పొగ. రిలే ట్రిప్ కాలేదు, మేమే ఆపాం. రీవైండింగ్ షాపులో విప్పి చూస్తే కాయిళ్లలో మూడో వంతు బొగ్గయ్యాయి. మిగతావి కొత్తవాటిలా ఉన్నాయి.

అక్టోబరు 3: ఉదయం 11:10కి ఆన్ చేశాం. ముక్కాలు గంటకు అదే మోత, అదే వాసన. కాలినవీ ఆ కాయిళ్లే.

అక్టోబరు 27: మోత మారగానే ఆపేశాం. వెంటనే మళ్లీ నొక్కితే జుమ్మంటోంది గానీ షాఫ్టు తిరగలేదు. అరగంట ఆగి నొక్కితే మామూలుగా తిరిగింది.

నవంబరు 11: నేను లేనప్పుడు మూడోసారి కాలింది. కాయిళ్లు తీయకముందే తీసిన ఫొటోలు జతచేశాను."

ఇందులో నింద ఒక్క ముక్క లేదు. అయినా అనుభవం ఉన్న మెకానిక్కు రోగం సగం దొరికిపోయినట్టే. నడుస్తుండగా మూడు ఫేజుల్లో ఒకటి పోతోంది. దీన్నే సింగిల్ ఫేజింగ్ అంటారు. బోరు మోటార్లు ఉన్న రైతులకు ఈ మాట కొత్తేమీ కాదు.

ఆగి ఉన్న త్రీఫేజ్ మోటారుకు రెండు ఫేజులే అందితే అది మూలుగుతుంది తప్ప కదలదు. అప్పటికే తిరుగుతున్నప్పుడు మూడోది పోతే మాత్రం, లోడు మరీ ఎక్కువ కాకపోతే, ఆగదు. మూడు వైర్లు మోసే పనిని రెండు వైర్లతో లాగుతుంది. మోత మారడం, మిషన్ ఆగకపోవడం, ఆపి నొక్కితే జుమ్మనడం: ఉత్తరంలోని ఈ మూడు మాటలూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి.

మరి రిలే ఏం చేస్తున్నట్టు? దాని తప్పు కూడా పెద్దగా లేదు. పాతకాలపు రిలే బయటి వైర్లలో కరెంటు చూస్తుంది, కాయిల్ లోపల ఎంత పారుతోందో దానికి తెలియదు. మంచి రోజుల్లో లైన్లో 7.5 ఆంపియర్లుంటే డెల్టాలో ఒక్కో ఫేజు కాయిళ్లకు వచ్చేది సుమారు 4.3. ఒక లైను పోయాక లెక్క తిరగబడుతుంది. మిగిలిన రెండు లైన్ల మధ్య నేరుగా పడిన కాయిళ్లు కరెంటులో మూడింట రెండొంతులు మోస్తాయి. తక్కినవి రెండూ ఒక్కో వంతుతో సరిపెట్టుకుంటాయి. మోటారు మీద అరవై శాతం లోడే ఉందనుకుందాం. బయట వైర్లో కరెంటు 7.8 దగ్గర ఆగుతుంది, రిలేకు అది పెద్ద విషయంగా కనిపించదు. లోపల మాత్రం ఒక ఫేజు కాయిళ్లలో 5.2 ఆంపియర్లు పారుతుంటాయి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ కాయిళ్లలో అది దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఆ వేళ కాస్త మందం చెక్క పడిందంటే ఇక చెప్పేదేముంది. మూడో వంతే మాడి, తక్కినవి మెరుస్తూ ఉండటానికి కారణం ఇదే. స్టార్ కనెక్షన్ మోటారైతే రెండొంతులు మాడి ఒక వంతు మిగిలేది. అందుకే 'డెల్టా' అన్న ఒక్క మాట ఉత్తరంలో ఉండాలి.

లోడు ఎక్కువై కాలితే కాయిళ్లన్నీ ఒకే రకంగా నల్లబడతాయి. తీగ ఇన్సులేషన్‌లోనే లోపం ఉంటే ఒక్కచోట రాగి కరిగి గుళికలా కనిపిస్తుంది, చుట్టూ పెద్దగా మాడదు. అలాంటి ఫొటో పంపితే జవాబు చెప్పుకోవాల్సింది డీలరు, లేదా చివరిసారి చుట్టిన రీవైండింగ్ షాపు.

నా దృష్టిలో ఈ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనది మోటారు కాలని రోజు, అక్టోబరు 27. వెంటనే నొక్కితే తిరగనిది అరగంటకు తిరిగిందంటే, ఫేజు వేడికి పోయి చల్లారాక వస్తోంది. ప్రతిసారీ అవే కాయిళ్లు కాలాయంటే పోతున్నది ప్రతిసారీ ఒకే లైను. కరెంటు స్తంభం మీద ఫ్యూజు పోతే అరగంటలో తనంతట తాను అతుక్కోదు. కాబట్టి అనుమానం షాపు గోడ మీది పాత స్టార్టరు వైపే పోతుంది: అరిగిన కాంటాక్టో, వదులైన స్క్రూనో.

దాన్ని తేల్చే పరీక్ష ఒకటుంది. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. మోటారు బాగుండగా లోడు మీద అరగంట నడిపి, టంగ్ టెస్టరుతో మూడు వైర్లలో కరెంటు చూసి రాసుకోవాలి. ఒకదానిలో తక్కువ కనిపిస్తే, మోటారు టెర్మినళ్ల దగ్గర మూడు వైర్లనూ ఒక్కో స్థానం పక్కకు జరిపి బిగించాలి. మూడూ ఒకే వరసలో జరిగితే తిరిగే దిశ మారదు. మళ్లీ అంతసేపు నడిపి చూడాలి. తక్కువ కరెంటు అదే సప్లయ్ వైరు వెంట వచ్చిందా, దోషం స్టార్టరులోనో లైన్లోనో ఉంది. పాత టెర్మినల్ దగ్గరే ఉండిపోయిందా, దోషం మోటారుది. ఈ ఆరు అంకెలు ఉత్తరంలో ఉంటే "మీ కరెంటు" "మీ మోటారు" అనే వాదనకు తావుండదు.

దోషం స్టార్టరులోనే అని తేలితే కాంటాక్టు సెట్టు మారిస్తే సరిపోతుంది. దాంతోపాటు సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించుకోమంటారు. అక్కడ ఒక మెలిక ఉంది. చవకరకాలు చాలావరకు స్టార్టరు ముందు వోల్టేజీ చూస్తాయి. ఇక్కడ స్టార్టరు దాకా మూడు ఫేజులూ బాగానే వస్తున్నాయి, తెగేది ఆ తర్వాత. అది పెట్టినా దీపం పచ్చగా వెలుగుతుంటుంది, మోటారు కాలుతుంటుంది. స్టార్టరు తర్వాత మూడు వైర్లలో కరెంటును చూసే రకమే అడగాలి.

ఇంత నిజాయితీగా రాస్తే వారంటీ పోదా? పోవచ్చు. సింగిల్ ఫేజింగ్‌తో కాలిన మోటార్లకు వారంటీ లేదని చాలా కంపెనీలు ముందే రాసిపెడతాయి. కొత్త మోటారే తెప్పించుకున్నా, ఆ పాత స్టార్టరు కిందే బిగిస్తే దాని గతీ అంతే. పైగా డీలరు ఎదురు ప్రశ్న వేయవచ్చు: రెండుసార్లు పాత వైండింగ్‌ను మంటతో కాల్చి తీశారా అని. అలా తీస్తే స్టేటర్ రేకుల మధ్య పూత పాడై, తర్వాత మోటారు మామూలు లోడుకే ఎక్కువ వేడెక్కుతుంది. దానికి జవాబు రీవైండింగ్ షాపును అడిగి ఉత్తరంలో ముందే రాయడం మంచిది. డీలరు మనిషి వచ్చి చూసేదాకా కాలిన కాయిళ్లను విప్పనివ్వకూడదు. షాపువాళ్లు వాటిని ఆ రోజే కోసి, రాగిని తూకానికి అమ్మేస్తారు.