పాత ఆఫీసుకు వెళ్లిన బిర్యానీ

"నాలాంటి బద్ధకస్తుడికి రెండోసారి ఉత్తమ ఉద్యోగి అవార్డు! ఎవరైనా మా మేనేజర్‌కి కళ్లద్దాలు మార్పించండి." లింక్డ్‌ఇన్ తెరిస్తే ఇలాంటి పోస్టులు తరచూ ఎదురవుతాయి. రాసినవారు నవ్వించామనుకుంటారు. చదివినవారి కళ్లు మాత్రం అవార్డు మీదే పడతాయి.

వినయం చాటున గొప్పలు పోయే ఈ ధోరణికి అమెరికన్ హాస్య రచయిత హారిస్ విటెల్స్ 2010లో ‘హంబుల్‌బ్రాగ్’ అని పేరు పెట్టి, ప్రముఖుల ట్వీట్లు ఏరి మరీ చూపించాడు. ఓవుల్ సెజర్, సహ పరిశోధకులు 2018లో దీనిపై అధ్యయనం ప్రచురించారు. ఇలా చుట్టుతిప్పి చెప్పేవారికంటే సూటిగా గొప్ప చెప్పుకునేవారే జనానికి నయమనిపించారు. చుట్టుతిప్పే మాటలో నిజాయితీ కనబడకపోవడమే కారణం.

అందుకే వార్తనూ హాస్యాన్నీ విడదీయాలి. హైదరాబాద్‌లో ఒక ఇంజినీరు బృందం కంపెనీ సర్వర్లన్నిటినీ కొత్త చోటికి మార్చిందనుకుందాం. "నిద్ర అంటే ఏమిటో మర్చిపోయాం, హహహ! అయినా మాకు అసాధ్యం లేదు" అని రాస్తే నవ్వు బలవంతంగా అతికించినట్టుంటుంది. అదే ఇంజినీరు ఇలా రాయొచ్చు: "శనివారం రాత్రి మా సర్వర్ల మైగ్రేషన్ పూర్తయింది. ఆరుగురం కలిసి చేశాం. డేటా అంతా కొత్త అడ్రస్‌కి క్షేమంగా చేరింది. మేం ఆర్డర్ చేసిన బిర్యానీ మాత్రం పాత ఆఫీసుకు వెళ్లింది. యాప్‌లో అడ్రస్ మార్చడం మర్చిపోయాం."

ఇక్కడ నవ్వు ఆ రాత్రి పనిలోంచే పుట్టింది. అడ్రస్ మార్చడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు సొంత అడ్రస్ మరిచారు, అంతే. తప్పు చిన్నది, పైగా అందరిదీ. బిర్యానీ వాక్యాలు తీసేసినా వార్త నిలుస్తుంది. విజయం సంగతి తీసేసినా బిర్యానీ కథకు నవ్వొస్తుంది. మొదటి పోస్టుకు ఈ పరీక్ష పెడితే, అవార్డు తీసేయగానే కళ్లద్దాల జోకు కూలిపోతుంది.

వరసా ముఖ్యమే. లింక్డ్‌ఇన్ పోస్టులో మొదటి కొన్ని పంక్తులే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ కాస్త చోటులో ఆకట్టుకోవాలని చాలామంది జోకును ముందుకు తోస్తారు. విషయం తెలియకముందే వచ్చిన జోకుకు ఎవరూ నవ్వరు. ముందు వార్త, తర్వాత ఆ ముచ్చట. బిర్యానీ దగ్గర ఆగిపోవాలి. దాని కింద "నాయకత్వం గురించి నేర్చుకున్న అయిదు పాఠాలు" చేర్చితే ముచ్చట కాస్తా ప్రసంగమైపోతుంది.

ఎవరి మీద నవ్వుతున్నామన్నది ఇంకా సున్నితం. పాస్‌వర్డ్ మరిచిన కస్టమర్, తడబడిన కొత్త ఉద్యోగి ఆ పోస్టు చదవొచ్చు. అకౌంటెంట్ తనకు లెక్కలు రావని సరదాకి రాసినా, రేపు పని అప్పగించాల్సినవారికి అది సరదాగా తోచదు. ఉద్యోగాలు పోయిన వార్త చెప్పేటప్పుడు హాస్యం జోలికి వెళ్లనే కూడదు.

పోస్టు పండిందో లేదో కామెంట్లలో తెలుస్తుంది. ఉత్త అభినందనలే వస్తే జోకు ఎవరికీ తగల్లేదన్నమాట. వేరే కంపెనీ ఇంజినీర్లు వచ్చి తమ మైగ్రేషన్ రాత్రి ఏం తారుమారైందో చెప్పుకోవడం మొదలుపెడితే తగిలినట్టే.