ఒకే స్థలం, నాలుగు రకాల నేల

అశ్వారావుపేట చుట్టుపక్కల పామాయిల్ తోటల మధ్య ఈమధ్య రెండంతస్తుల ఇళ్లు చాలా లేస్తున్నాయి. పునాది గుంతలు తవ్వుతుంటే మేస్త్రీలకు తరచూ ఎదురయ్యేది ఒకటే చిక్కు. ఒక మూల గుంతలో నాలుగడుగులకే గునపం ఖణేల్‌మంటుంది. అదే ఇంటికి ఇంకో మూల గుంతలో ఎనిమిదడుగులు దిగినా మట్టి పిండిలాగే వస్తుంది. రెండింటి మధ్య దూరం పదిహేను, ఇరవై అడుగులే. ఇది ఆ స్థలానికి పట్టిన ప్రత్యేక దోషమేమీ కాదు, అక్కడి నేల పుట్టిన తీరే అంత.

గోదావరి డెల్టాలో ఉన్న మట్టిని నది ఎక్కడినుంచో మోసుకొచ్చి పొరలు పొరలుగా పరిచింది. అందుకే అక్కడ ఒక చోట కనిపించిన పొర పక్క ఊళ్లోనూ ఇంచుమించు అదే లోతులో ఉండొచ్చు. ఈ అడవి అంచున ఉన్న ఎర్ర నేలల్లో చాలా భాగం ఎక్కడినుంచీ రాలేదు. కింద ఉన్న రాయే ఉన్నచోటే చివికి మట్టిగా మారింది. ఇలాంటివాటిని అవశేష నేలలంటారు. పడమర సత్తుపల్లి, కొత్తగూడెం వైపు బొగ్గు దాచుకున్న గోండ్వానా ఇసుకరాళ్లు, తూర్పున పాపికొండల వైపు తూర్పు కనుమల ఖొండలైట్, చార్నకైట్ రాళ్లు. ఏ రాయి చివికితే ఆ రాయి గుణం మట్టికి వస్తుంది.

ఖొండలైట్‌నే తీసుకుందాం. అందులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు చారలు చారలుగా ఉంటాయి. మన ఎండల వేడిలో, వానాకాలం కురిసే భారీ వర్షాలకు కొద్దిపాటి ఆమ్లగుణం ఉన్న నీరు రాతి పగుళ్లలోంచి దిగుతుంది. ఫెల్డ్‌స్పార్‌ను కరిగించి తెల్లని సుద్దమట్టిగా, అంటే కయోలిన్‌గా మారుస్తుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి నేలకు ఆ ఎరుపు తెస్తుంది. క్వార్ట్జ్ మాత్రం ఇసుక గింజగానే మిగులుతుంది. నీరు దిగేది పగుళ్ల వెంబడి కాబట్టి, పగుళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట రాయి లోతుదాకా చివుకుతుంది. పగుళ్లు లేనిచోట పైకే నిలబడిపోతుంది. రెండు పగుళ్ల మధ్య చిక్కిన రాతి ముక్క అంచులు అరిగి, చుట్టూ మెత్తమట్టితో, గుండులాగా మిగిలిపోతుంది. చార్నకైట్, గ్రానైట్ ఉన్నచోట ఈ గుండ్లు మరీ ఎక్కువ.

ఈ చివికే క్రమాన్ని ఆరు మెట్లుగా చూడడం ఇంజనీర్లకు అలవాటు. హాంకాంగ్ గ్రానైట్ మీద రక్స్‌టన్, బెర్రీ 1957లో ప్రచురించిన పని ఇలాంటి విభజనకు పునాదుల్లో ఒకటి. ఒకటో మెట్టు చెక్కుచెదరని రాయి, ఆరోది రాతి ఆనవాలే లేని మట్టి. ఇల్లు కట్టేవారికి చిక్కంతా నాలుగు, ఐదు మెట్ల దగ్గరే. ఈ రెంటినీ మనవాళ్లు మొరం అనే ఒక్క పేరుతోనే పిలుస్తారు. చూపుకు రెండూ రాయిలాగే ఉంటాయి, చారలు కూడా అలాగే కనిపిస్తాయి. తేడా తెలుసుకోవడానికి గుంత అడుగునుంచి పిడికెడు గడ్డ తీసి గ్లాసు నీళ్లలో వేయండి. ఐదో మెట్టుదైతే కాసేపట్లోనే బుడగలు వదులుతూ జారి, గ్లాసు అడుగున బురద కుప్పగా కూలిపోతుంది. నాలుగోదైతే చేత్తో విరుగుతుందేగానీ నీళ్లలో కరగదు. ఈ చిన్న పరీక్ష బోరు పరీక్షకు బదులు కాదు, కానీ ఏ గుంత అనుమానించదగ్గదో చెబుతుంది.

గ్లాసులో గడ్డ కూలడానికి కారణమే ఈ నేలల అసలు బలహీనత కూడా. మట్టి రేణువుల మధ్య పాత రాతి బంధాలు కొన్ని మిగిలుంటాయి. ఎండాకాలంలో ఆ సందుల్లోని కొద్దిపాటి తేమ కూడా రేణువులను పట్టి దగ్గరికి లాగుతుంది. మే నెలలో తవ్విన గుంత గోడ నిలువుగా నిలబడేది ఈ పట్టువల్లే. వానాకాలంలో నీరు నిండితే లాగే బలం పోతుంది, బంధాలు బలహీనమైనవైతే మట్టి ఉన్నట్టుండి కుంగుతుంది. అందుకే వేసవిలో పొడి నేలమీద చేసిన ప్లేటు పరీక్షను నమ్మి కొలతలు ఖాయం చేయకూడదు. గుంతను నీటితో నానబెట్టి చేయించాలి. ఇంకుడు గుంత, సెప్టిక్ ట్యాంకు, వాన నీటి గొట్టం పునాది పక్కనే పెడితే ఇల్లు కట్టిన కొన్నేళ్లకు ఆ మూలనే పగుళ్లు రావడానికీ ఇదే కారణం.

బోరు పరీక్షలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వేస్తూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. పది దెబ్బలంటే మెత్తన, యాభై దాటితే గట్టి మొరం. దెబ్బలకు గొట్టం దిగడం మానేస్తే రాయి తగిలిందని రాసేస్తారు. అవశేష నేలలో ఇక్కడే మోసం జరుగుతుంది. తగిలింది కింది రాయి కాకపోవచ్చు, మెత్తమట్టిలో తేలుతున్న గుండు కావచ్చు. పెద్ద భవనాలకు రాయి తగిలాక కూడా కనీసం మూడు మీటర్లు, గుండ్లు పెద్దవైతే ఐదు మీటర్లు కోసి చూడమనేది అందుకే. రాయి చిక్కి, మళ్లీ మట్టి వస్తే అది గుండే.

ఇప్పుడు మొదట చెప్పిన ఇంటి లెక్క వేసి చూద్దాం. ఒక్కో స్తంభం మీద 30 టన్నుల బరువు, మీటరున్నర చదరపు ఫుటింగు అనుకుందాం. చదరపు మీటరుకు 13 టన్నుల పైచిలుకు ఒత్తిడి పడుతుంది. పది దెబ్బల మెత్త మట్టిలో ఆ ఫుటింగు సుమారు 15 మిల్లీమీటర్లు దిగుతుంది, యాభై దెబ్బల గట్టి మొరంలో 3 మిల్లీమీటర్లే. రెండూ విడివిడిగా ప్రమాదకరం కావు. భారత ప్రమాణం ఐఎస్ 1904 ఆర్‌సీసీ ఇంటికి ఇసుక, గట్టి బంకమట్టి నేలల్లో 50 మిల్లీమీటర్ల దాకా దిగుడును ఒప్పుకుంటుంది. కానీ పక్కపక్క స్తంభాల మధ్య తేడాకు హద్దు, వాటి దూరంలో వెయ్యికి ఒకటిన్నర వంతు. స్తంభాలు 4 మీటర్ల దూరంలో ఉంటే అది 6 మిల్లీమీటర్లు. మన ఇంట్లో తేడా 12. గోడ ఏటవాలుగా పగలడానికి అది చాలు.

చాలామంది చేసే పని మెత్త గుంతలో ఫుటింగు వెడల్పు చేయడం. దీనివల్ల వచ్చే లాభం తక్కువ. బరువు పరుచుకుంటుంది నిజమే, కానీ ఫుటింగు పెద్దదయ్యేకొద్దీ దాని ఒత్తిడి ఇంకా లోతు మట్టిదాకా పోతుంది. మీటరున్నరను 2.2 మీటర్లకు పెంచితే కాంక్రీటు రెట్టింపు దాటుతుంది, దిగుడు మాత్రం 15 నుంచి పదికి తగ్గుతుందంతే. తేడా ఇంకా 7. అంతకన్నా మెత్త గుంతను గట్టి మొరం తగిలేదాకా తవ్వి, ఫుటింగు అడుగుదాకా పలుచటి సిమెంటు పాళ్ల కాంక్రీటుతో నింపడం మేలు. అన్ని గుంతలూ ఒకే లోతులో ఉండక్కర్లేదు, ఒకే గట్టిదనంలో ఉండాలి. గట్టి రాయి మీదే కూర్చునే ఫుటింగు కింద కొన్నిసార్లు ఇంజనీర్లు రాయిని కాస్త తొలిచి, బాగా దిమ్మిసకొట్టిన ఇసుక పొర వేస్తారు. దాన్ని కూడా పక్కదానిలాగే కాస్త దిగనివ్వడానికి. గట్టి మొరం ఐదారు మీటర్లకు పైగా దిగిపోతే, తవ్వడం మానేసి, ఇంటి మొత్తానికీ ఒకే రాఫ్ట్ గానీ పైల్స్ గానీ ఆలోచించాలి.

అవశేష నేలలో మట్టి రిపోర్టు ఒక అంచనా మాత్రమే. గుంతలు తవ్వాకే నేల అసలు సంగతి తెలుస్తుంది. కాబట్టి ఇల్లు కట్టుకునేవారికి ఒక్క మనవి. గుంతల్లో కంకర కాంక్రీటు పోయక ముందే ఇంజనీరును పిలిచి ప్రతి గుంత అడుగునూ చూపించండి, ఒక్కోదాన్నుంచి గడ్డ తీసి నీళ్లలో వేయించండి, ఏ గుంత ఏ లోతులో ఏ మట్టిమీద ఆగిందో కాగితం మీద రాయించి దాచుకోండి. తర్వాత ఎప్పుడైనా గోడ పగిలితే, కారణం వెతకడానికి ఆ కాగితమే మొదట అక్కరకొస్తుంది.