మొదటి మైక్రో టీచింగ్ తడబడితే జర్నల్‌లో ఏం రాయాలి?

బీఎడ్ కాలేజీలో మొదటి మైక్రో టీచింగ్ అయిన సాయంత్రం రాసే రిఫ్లెక్టివ్ జర్నళ్లలో ఎక్కువ భాగం ఇలా ఉంటాయి: "ఈ రోజు నా పాఠం అనుకున్నంత బాగా రాలేదు. చాలా టెన్షన్ పడ్డాను. గొంతు వణికింది. ఇకముందు బాగా ప్రిపేరై, ఆత్మవిశ్వాసంతో చెప్తాను." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ చదివినవాళ్లకు చెప్పిన పాఠం లెక్కలో సాంఘికమో కూడా తెలియదు. రేపు మళ్లీ బోర్డు ముందు నిలబడితే ఏది మార్చాలో రాసిన మనిషికీ తెలియదు. పేజీ నిండింది, అంతే.

ఆ పేజీ పనికొచ్చేలా రాయడానికి ఒక పద్ధతి ఉంది. దాని సంగతికి వచ్చేముందు మైక్రో టీచింగ్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. 1960ల మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు దీన్ని మొదలుపెట్టారు. పూర్తి పీరియడ్ బదులు కొద్ది నిమిషాలు, నిండు తరగతి బదులు కొద్దిమంది పిల్లలు, అన్నీ ఒకేసారి కాకుండా ఒక్క బోధనా నైపుణ్యం. మన దేశంలో వాడుకలో ఉన్న నమూనాలో పాఠానికి 6 నిమిషాలు, ఫీడ్‌బ్యాక్‌కు 6, ప్లాన్ మార్చుకోవడానికి 12, మళ్లీ పాఠానికి 6, మళ్లీ ఫీడ్‌బ్యాక్‌కు 6, మొత్తం 36 నిమిషాలు. బడి పిల్లల్ని పిలిపించడం కష్టం కనుక తోటి ఛాత్రోపాధ్యాయులే పిల్లలుగా కూర్చుంటారు. ఈ చివరి విషయం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

జర్నల్ రాయడానికి ఎక్కువగా చెప్పే పద్ధతి గ్రాహం గిబ్స్ చక్రం. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పాలిటెక్నిక్‌లో పనిచేస్తూ ఆయన 1988లో దీన్ని పుస్తకంలో పెట్టాడు. ఇందులో ఆరు మెట్లున్నాయి. ఏం జరిగింది, నాకేమనిపించింది, ఏది బాగుంది ఏది బాగాలేదు, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండవచ్చు, ఈసారి ఏం చేస్తాను. వినడానికి ఇంత తేలిక. చిక్కంతా మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా వస్తుంది. మధ్యలోవి ఆ రెండింటి మీద ఆధారపడి నడుస్తాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఛాత్రోపాధ్యాయురాలికి ఇచ్చిన నైపుణ్యం ప్రోబింగ్ ప్రశ్నలు వేయడం, అంటే పిల్లవాడి మొదటి జవాబు దగ్గర ఆగిపోకుండా దాని వెనకున్న ఆలోచనను మరో ప్రశ్నతో బయటికి రప్పించడం. అంశం ఆరో తరగతి భిన్నాల పోలిక. సాయంత్రం ఆమె మొదట రాసుకున్నది పైన చెప్పిన నాలుగు వాక్యాలే. తర్వాత పరిశీలకురాలి షీటు, ఫోన్‌లో తీసిన రికార్డింగ్ ముందు పెట్టుకుని మొదటి మెట్టును తిరగరాసింది:

"బోర్డు మీద 1/3, 1/4 రాసి ఏది పెద్దది అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. వెంటనే 'చెప్పండి, తెలుసు కదా' అన్నాను. రెండో బెంచీ నుంచి '1/4 టీచర్' అని వచ్చింది. 'ఎందుకు' అని నేను అడగలేదు. అయినా 'మూడు కంటే నాలుగు పెద్దది కదా టీచర్' అని తనే చెప్పింది. 'కాదమ్మా, తప్పు. కూర్చో' అన్నాను. 1/3 పెద్దదని నేనే చెప్పి, హారం పెరిగితే భిన్నం తగ్గుతుందని బోర్డు మీద రాశాను. అందరూ రాసుకున్నారు. షీటులో నేను అడిగిన ప్రశ్నలకు 9 గీతలు ఉన్నాయి. అందులో ప్రోబింగ్ గడిలో ఒక్కటీ లేదు. రికార్డింగ్‌లో మూడు ప్రశ్నలకు జవాబు నేనే చెప్పేశాను."

ఇక్కడ 'బాగా', 'సరిగా', 'టెన్షన్' అన్న మాటలు లేవు. ఎవరు ఏమన్నారో, ఆ వెంటనే ఏం జరిగిందో ఉంది. మొదటి మెట్టులో ఉండాల్సింది ఇంతే. తీర్పు ఇక్కడే చొరబడితే తర్వాతి ఐదు మెట్లూ ఆ తీర్పునే తిప్పి తిప్పి చెప్తాయి. రికార్డింగ్ లేకపోతే వెనక బెంచీలో కూర్చున్న స్నేహితురాలిని ఒకటే అడగండి: "నేనన్న మాట, పిల్లలన్న మాట ఉన్నదున్నట్టు చెప్పు." 'ఎలా చెప్పాను' అని అడిగితే 'బాగానే చెప్పావు' అనే వస్తుంది. తోటివాళ్ల మర్యాద అలాగే ఉంటుంది మరి, రేపు వాళ్ల వంతు కూడా వస్తుంది కదా.

రెండో మెట్టులో మనసు సంగతి రాయాలి. భయపడ్డాను అని రాస్తే చాలదు. భయం ఎప్పుడు వచ్చిందో రాయాలి. ఆమె జర్నల్‌లో ఇలా ఉంది: "మొదటి ప్రశ్న తర్వాత నిశ్శబ్దం చాలాసేపు ఉన్నట్టనిపించింది. 1/4 అన్న జవాబు రాగానే ఒళ్లంతా వేడెక్కింది." రికార్డింగ్ చూస్తే ఆ 'చాలాసేపు' రెండు సెకన్లు కూడా లేదు. మొదటి మెట్టులో రాసిన సాక్ష్యానికీ, రెండో మెట్టులో రాసిన అనుభవానికీ మధ్య ఉన్న ఈ తేడాయే విశ్లేషణకు ముడిసరుకు. రెండూ విడివిడిగా రాయమని గిబ్స్ చెప్పడంలో ఉన్న లాభం ఇదే. మూడో మెట్టు మీద ఎక్కువసేపు ఉండనక్కర్లేదు. అంశం ఎంపిక బాగుంది, బోర్డు మీద రాత స్పష్టంగా ఉంది, అడగాల్సిన చోట అడగలేదు. మూడు ముక్కలు చాలు.

నాలుగో మెట్టుకు మాత్రం సగం పేజీ కేటాయించాలి. ఎందుకలా జరిగింది? చాలామంది 'కంగారు వల్ల' అని రాసి పెన్ను మూసేస్తారు. కంగారు కారణమే కావచ్చు, కానీ దాన్ని పట్టుకుని మార్చలేం. కంగారు చేత నేను ఏం చేశాను అని ఇంకో అడుగు వేయాలి. ఈ ఉదాహరణలో ఆమె మౌనాన్ని భరించలేక దాన్ని తన మాటతో నింపేసింది. ఇది కొత్తవాళ్లకే ఉండే జబ్బు కాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో సైన్స్ తరగతుల రికార్డింగులు విని, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని చూపించింది. ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచినప్పుడు జవాబులు పొడవయ్యాయి, ఎక్కువమంది పిల్లలు నోరు తెరిచారు. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లే ఆగలేకపోతే, మొదటిసారి నిలబడిన అమ్మాయి ఆగకపోవడంలో వింతేముంది?

కానీ ఇంకో కారణం ఉంది, అది ఆమె ప్లాన్ కాగితంలోనే కనిపించింది. ప్రతి ప్రశ్న పక్కన సరైన జవాబు రాసుకుంది. తప్పు జవాబు వస్తే ఏం అడగాలన్న చోట ఏమీ లేదు. 1/4 అన్న మాట వినగానే చేతిలో ఏ ప్రశ్నా లేదు, అప్పుడు కంగారు పుట్టింది. కంగారు ప్లాన్‌ను చెడగొట్టలేదు, ప్లాన్‌లోని ఖాళీయే కంగారును పుట్టించింది. ఈ వాక్యం రాయగలిగిన రోజున జర్నల్ తన పని చేసినట్టే.

గిబ్స్ చక్రంలో నాకు కనిపించే లోటొకటి ఇక్కడే చెప్తాను. ఆరు మెట్లూ 'నేను, నేను' అనే తిరుగుతాయి. రెండో బెంచీ అమ్మాయి ఏమనుకుంటోంది అన్న ప్రశ్న ఆ ఆరింటిలో నేరుగా ఎక్కడా లేదు. కాబట్టి విశ్లేషణలో మనమే దాన్ని కలుపుకోవాలి. మూడు కంటే నాలుగు పెద్దది కనుక 1/4 పెద్దది అనడం అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. పూర్ణసంఖ్యల్లో ఇన్నాళ్లూ నిజమైన సూత్రాన్ని ఆ పిల్ల భిన్నాలకూ వర్తింపజేస్తోంది. హారం అంటే ముక్కల సంఖ్య అన్నది ఆమెకింకా అందలేదు. అది తెలిస్తే అడగాల్సిన ప్రశ్న దానంతటదే వస్తుంది: "ఒక రొట్టెను ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది? అదే రొట్టెను నలుగురు పంచుకుంటే? నువ్వు ఏ గుంపులో ఉంటావు?" ఐదో మెట్టులో, అంటే ఇంకేం చేసి ఉండవచ్చు అన్నచోట, ఆమె ఈ మూడు ప్రశ్నలే రాసింది.

చివరి మెట్టు కార్యాచరణ. "ఇకముందు ఎక్కువసేపు ఆగుతాను, పిల్లల జవాబులకు విలువ ఇస్తాను" అని రాస్తే వినసొంపుగా ఉంటుంది కానీ జరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆమె రాసింది ఇది: "ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టేదాకా నోరు తెరవను. తప్పు జవాబు వస్తే 'తప్పు' అనేముందు 'ఎలా అనుకున్నావు' అని అడుగుతాను. ప్లాన్‌లో ప్రతి ప్రశ్న కింద రాగల ఒక తప్పు జవాబు, దానికి నా తర్వాతి ప్రశ్న రాసుకుంటాను. పరిశీలకురాలు మొదటి రెండింటికీ గీతలు పెట్టాలి." వెనక కూర్చున్న మనిషి పెన్నుతో గీత పెట్టగలిగితే అది ప్రణాళిక. లేకపోతే అది కోరిక.

అయితే 36 నిమిషాల చక్రంలో మళ్లీ ప్లాన్ చేసుకోవడానికి ఉన్నది 12 నిమిషాలే. ఆరు మెట్లూ రాసే వ్యవధి అందులో లేదు. అప్పటికి మూడు వాక్యాలు చాలు. ఏ మాట దగ్గర పాఠం ఆగిపోయింది, అక్కడ నా ప్లాన్‌లో ఏముంది, మళ్లీ చెప్పేటప్పుడు ఏ ఒక్కటి మారుస్తాను. పూర్తి జర్నల్ సాయంత్రం రాసుకోవచ్చు, కానీ తెల్లారేదాకా ఆగితే పిల్లలన్న మాటలు మరిచిపోయి మన బాధ ఒక్కటే గుర్తుంటుంది.

రెండోసారి పాఠం మెరుగ్గా సాగితే జర్నల్‌లో "పిల్లలకు భిన్నాలు అర్థమయ్యాయి" అని రాయకండి. అక్కడ కూర్చున్నది డిగ్రీ చదివినవాళ్లు. 1/3 పెద్దదని వాళ్లకు ముందే తెలుసు, పిల్లల్లా నటించారు. మైక్రో టీచింగ్‌లో రుజువయ్యేది ఒకటే, మీ అలవాటు మారిందా లేదా అన్నది. పిల్లలు నేర్చుకున్నారా లేదా అన్నది ఇంటర్న్‌షిప్‌లో బడికి వెళ్లాకే తెలుస్తుంది. అక్కడ మూడు సెకన్లు ఆగితే వెనక బెంచీలో గోల మొదలుకావచ్చు కూడా. అప్పుడు మళ్లీ మొదటి మెట్టు నుంచి రాయాలి.

ఈ జర్నళ్లకు మార్కులు వేసే అధ్యాపకులకు ఒక విన్నపం. భయపడ్డానని, సిగ్గుపడ్డానని ఎంత హృద్యంగా రాశారో చూసి మార్కులు వేయకండి, వేస్తే వచ్చే ఏడాది అందరూ హృద్యంగా భయపడతారు. మొదటి మెట్టులో పిల్లల మాటలు ఉన్నాయో లేదో, చివరి మెట్టులో గీత పెట్టగల పని ఉందో లేదో చూడండి. ఆ రెండూ ఉంటే మధ్యలో భాష కాస్త తడబడినా పూర్తి మార్కులు ఇచ్చేయండి.